కాఫీ పక్కన సిగరెట్: ఆహార అధ్యయనాల్లో సంబంధం కనిపించినంత మాత్రాన కారణం ఎందుకు తేలదు

2012లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు కాఫీ మీద ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. 50 నుంచి 71 ఏళ్ల మధ్య వయసున్న 4 లక్షల మందికి పైగా అందులో ఉన్నారు. 1995-96లో వాళ్లను రోజుకు ఎన్ని కప్పుల కాఫీ తాగుతారని అడిగారు. తర్వాత 2008 దాకా ఎవరెవరు చనిపోయారో నమోదు చేస్తూ వచ్చారు. ఆ కాలంలో సుమారు 52 వేల మంది చనిపోయారు.

ముందు వయసును మాత్రమే పరిగణనలోకి తీసుకుని లెక్క కట్టారు. కాఫీ తాగేవాళ్లలో మరణాలు ఎక్కువని తేలింది. తర్వాత పొగతాగే అలవాటును, దానితో పాటు మరికొన్ని విషయాలను లెక్కలోకి తెచ్చారు. ఇప్పుడు కాఫీ తాగేవాళ్లలోనే మరణాలు తక్కువని వచ్చింది. రోజుకు ఆరు కప్పులో అంతకంటే ఎక్కువో తాగే మగవాళ్లలో మరణాల రేటు, అసలు తాగనివాళ్లతో పోలిస్తే సుమారు 10 శాతం తక్కువ. ఆడవాళ్లలో సుమారు 15 శాతం తక్కువ.

మనుషులు మారలేదు, మరణాల సంఖ్యా మారలేదు. లెక్కలోకి ఏం తీసుకున్నారన్నది మారేసరికి ఫలితమే తిరగబడింది. "కాఫీ ఆయుష్షు తగ్గిస్తుంది" అని ఒక శీర్షిక, "కాఫీ ఆయుష్షు పెంచుతుంది" అని మరో శీర్షిక, రెండూ ఒకే సమాచారం నుంచి రాయవచ్చన్నమాట. ఇది ఎలా సాధ్యమో అర్థం కావాలంటే ఆ మొదటి లెక్కలో సిగరెట్ ఏం చేసిందో చూడాలి.

పరిశీలించడం వేరు, ప్రయోగం చేయడం వేరు

పైన చెప్పింది పరిశీలనాత్మక అధ్యయనం. ఇందులో పరిశోధకులు ఎవరి అలవాట్లనూ మార్చరు. ఎవరు ఏం తింటున్నారో అడిగి రాసుకుంటారు, తర్వాత ఎవరికి ఏ జబ్బు వచ్చిందో చూస్తారు. ఎవరు కాఫీ తాగాలి, ఎవరు తాగకూడదు అన్నది పరిశోధకుడు నిర్ణయించలేదు. ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే మనిషి ఒక అలవాటును ఒంటరిగా ఎంచుకోడు. రోజుకు ఆరు కప్పుల కాఫీ తాగే మనిషికీ, కాఫీ జోలికే పోని మనిషికీ తేడా ఆ ఆరు కప్పుల్లోనే ఉండదు. వాళ్ల నిద్ర వేరు, పని వేళలు వేరు, ఆదాయం వేరు, మద్యం అలవాటు వేరు కావచ్చు. ఈ ఇద్దరినీ పోల్చినప్పుడు మనం కాఫీని పోలుస్తున్నామని అనుకుంటాం. నిజానికి రెండు జీవితాలను పోలుస్తున్నాం.

ప్రయోగంలో అలా కాదు. ఎవరికి ఏది ఇవ్వాలో చీటీ తీసి నిర్ణయిస్తారు. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

"ముప్పు 50 శాతం ఎక్కువ" అంటే ఏం చెప్పినట్టు?

ఇలాంటి వార్తల్లో వచ్చే అంకె సాధారణంగా రెండు గుంపుల మధ్య నిష్పత్తి. ఒక ఆహారం తినేవాళ్లలో 100 మందికి ముగ్గురికి జబ్బు వచ్చి, తినని వాళ్లలో 100 మందికి ఇద్దరికి వస్తే, మూడును రెండుతో భాగిస్తే 1.5. దాన్నే 50 శాతం ఎక్కువ ముప్పు అంటారు. సంబంధం అనే మాటకు అర్థం ఇంతవరకే: ఈ రెండూ ఒకే మనుషుల్లో ఎక్కువగా కలిసి కనిపిస్తున్నాయి.

ఆ 1.5లో తప్పేమీ లేదు. అది నిజంగా లెక్కపెట్టిన సంఖ్య. అయితే అది జవాబు చెప్పే ప్రశ్న వేరు, మనకు కావలసిన ప్రశ్న వేరు. "తినేవాళ్లలో జబ్బు ఎంత ఎక్కువగా ఉంది?" అన్నదానికి అది జవాబు చెబుతుంది. మనం తెలుసుకోవాలనుకునేది ఇంకొకటి: "ఇదే మనుషులు, మిగతా జీవితమంతా ఇలాగే ఉంచుకుని, ఆ ఒక్క ఆహారం తినకపోతే జబ్బు ఎంత తగ్గేది?" ఆ రెండో బతుకు జరగలేదు కాబట్టి దాన్ని ఎవరూ చూడలేరు. దానికి బదులుగా వేరే మనుషులను, అంటే తినని వాళ్లను, తెచ్చి నిలబెడుతున్నాం. వాళ్లు మిగతా అన్ని విషయాల్లో వీళ్లలాగే ఉంటేనే ఆ పోలిక పనికొస్తుంది.

కన్‌ఫౌండింగ్: ఒకరి పని ఇంకొకరి ఖాతాలో పడటం

రెండు కారణాల ప్రభావం కలిసిపోయి, ఒకదాని వల్ల జరిగినది ఇంకొకదాని వల్ల జరిగినట్టు కనిపించడాన్ని కన్‌ఫౌండింగ్ అంటారు. అలా కలిపేసే మూడో విషయం కన్‌ఫౌండర్. మాటల్లో కంటే లెక్కలో ఇది తొందరగా అర్థమవుతుంది. కింద ఇచ్చినవి ఊహించుకున్న అంకెలు. ఈ లెక్కలో కాఫీకి జబ్బుతో ఏ సంబంధమూ లేదని ముందే నిర్ణయించుకుందాం. కాఫీ ప్రభావం అక్షరాలా సున్నా.

కాఫీ తాగేవాళ్లు 10,000 మంది, తాగనివాళ్లు 10,000 మంది అనుకుందాం. పొగతాగేవాళ్లలో పదేళ్లలో 100 మందికి ముగ్గురికి ఒక జబ్బు వస్తుంది. పొగతాగని వాళ్లలో 100 మందికి ఒకరికే వస్తుంది. కాఫీ తాగినా తాగకపోయినా ఈ అంకెలు మారవు. ఇక చివరి విషయం: కాఫీ తాగేవాళ్లలో 4,000 మంది సిగరెట్ కూడా తాగుతారు. కాఫీ తాగని గుంపులో సిగరెట్ తాగేవాళ్లు 1,000 మందే.

ఇప్పుడు జబ్బులు లెక్కపెడదాం. కాఫీ గుంపులో పొగతాగే 4,000 మందిలో 120 మందికి, పొగతాగని 6,000 మందిలో 60 మందికి జబ్బు వస్తుంది. మొత్తం 180. కాఫీ తాగని గుంపులో పొగతాగే 1,000 మందిలో 30 మందికి, పొగతాగని 9,000 మందిలో 90 మందికి వస్తుంది. మొత్తం 120.

180కి, 120కి నిష్పత్తి 1.5. కాఫీ తాగేవాళ్లకు ముప్పు 50 శాతం ఎక్కువ! కాఫీ ప్రభావం సున్నా అని మనమే నిర్ణయించి మొదలుపెట్టాం. అయినా ఇంత పెద్ద సంబంధం వచ్చి కూర్చుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, కూడికలో తప్పు లేదు. ఇంకో పది లక్షల మందిని చేర్చినా ఆ 1.5 అలాగే ఉంటుంది. కాకపోతే దాని మీద మన నమ్మకం మరింత గట్టిపడుతుంది. "అంత పెద్ద అధ్యయనం కదా" అనే మాట వినిపించినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. మనుషుల సంఖ్య పెరిగితే కాకతాళీయంగా వచ్చే పొరపాటు తగ్గుతుంది. కన్‌ఫౌండింగ్ కాకతాళీయం కాదు కాబట్టి అది తగ్గదు.

ఏదైనా కన్‌ఫౌండర్ కావాలంటే దానికి రెండు వైపులా పట్టు ఉండాలి. ఒకటి, మనం పరీక్షిస్తున్న ఆహారంతో కలిసి ఎక్కువగానో తక్కువగానో కనిపించాలి. రెండు, అది సొంతంగా జబ్బు ముప్పును మార్చాలి. కాఫీ గుంపులోనూ, మరో గుంపులోనూ పొగతాగేవాళ్ల శాతం ఒకటే అయి ఉంటే, సిగరెట్ ఎంత ప్రమాదకరమైనా ఈ పోలికను పాడుచేసేది కాదు. సిగరెట్ నిరపాయకరమైనదే అయితే, కాఫీతో ఎంత కలిసి ఉన్నా నష్టం లేదు.

ఇంకో షరతు కూడా ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఆ మూడో విషయం ఆహారానికీ జబ్బుకూ మధ్య దారిలో ఉన్న మెట్టు కాకూడదు. ఉప్పు రక్తపోటును పెంచుతుంది, రక్తపోటు పక్షవాతానికి దారితీస్తుంది. ఉప్పుకూ పక్షవాతానికీ ఉన్న సంబంధాన్ని చూస్తూ "రక్తపోటును కూడా లెక్కలోకి తెచ్చి సరిచేశాం" అంటే, ఉప్పు ఏ దారిలో హాని చేస్తుందో ఆ దారినే మూసేసి, హాని కనిపించలేదని చెప్పినట్టవుతుంది. కాబట్టి వీలైనన్ని విషయాలకు సరిచేస్తే అంత మంచిదన్న లెక్క కూడా కుదరదు.

సరిచేశామంటే ఎంతవరకు సరిచేసినట్టు?

పై ఉదాహరణలో నిజాన్ని బయటపెట్టడం తేలికే. అందరినీ కలిపి చూడకుండా పొగతాగేవాళ్లను ఒక పక్క, తాగనివాళ్లను ఒక పక్క పెట్టాలి. పొగతాగేవాళ్లలో కాఫీ ఉన్నా లేకపోయినా 100కి 3. తాగనివాళ్లలో ఉన్నా లేకపోయినా 100కి 1. కాఫీ తేడా మాయమవుతుంది. గణాంక నమూనాలు ఎంత సంక్లిష్టంగా కనిపించినా, "ఇతర అంశాలకు సరిచేశాక" అన్న మాట వెనక జరిగేది దాదాపు ఇదే: ఒకే రకం మనుషులను ఒకరితో ఒకరిని పోల్చడం.

కానీ ఈ పని కొలిచిన దానితోనే చేయగలం. ఎంత బాగా కొలిచామో అంత బాగానే చేయగలం.

ఆ ఉదాహరణకే ఒక చిన్న మార్పు చేసి చూద్దాం. ప్రశ్నావళిలో "పొగతాగుతారా? అవును / కాదు" అని మాత్రమే అడిగారు. నిజానికి పొగతాగేవాళ్లలో రెండు రకాలున్నారు. ఎక్కువగా తాగేవాళ్లలో 100 మందికి నలుగురికి, కొద్దిగా తాగేవాళ్లలో 100 మందికి ఇద్దరికి జబ్బు వస్తుంది. కాఫీ తాగే 4,000 మంది పొగరాయుళ్లలో సగం మంది ఎక్కువగా తాగే రకం. అంటే 2,000 మందిలో 80 మందికి, మిగతా 2,000 మందిలో 40 మందికి, మొత్తం 120 మందికి జబ్బు. వందకు మూడు. కాఫీ తాగని 1,000 మంది పొగరాయుళ్లలో ఎక్కువగా తాగేవాళ్లు పావు వంతే. 250 మందిలో 10 మందికి, 750 మందిలో 15 మందికి, మొత్తం 25 మందికి జబ్బు. వందకు రెండున్నర.

ఇప్పుడు పరిశోధకుడు పొగతాగేవాళ్లను విడిగా తీసి పోల్చాడు. మూడుకి, రెండున్నరకి నిష్పత్తి 1.2. "పొగతాగే అలవాటును పరిగణనలోకి తీసుకున్న తర్వాత కూడా పొగతాగేవాళ్లలో కాఫీ వల్ల ముప్పు 20 శాతం ఎక్కువగా కనిపించింది" అని నిజాయితీగానే రాస్తాడు. కాఫీ ప్రభావం ఇప్పటికీ సున్నానే. ఆ 20 శాతం, ప్రశ్నావళి అడగకుండా వదిలేసిన సిగరెట్లది. సరిచేసిన తర్వాత కూడా ఇలా మిగిలిపోయే దాన్ని అవశేష కన్‌ఫౌండింగ్ అంటారు. ఆహార అధ్యయనాల్లో వచ్చే సంబంధాలు చాలావరకు ఈ 10, 20, 30 శాతం పరిధిలోనే ఉంటాయని గుర్తుంచుకుంటే, ఈ మిగులు ఎంత ఇబ్బందికరమో తెలుస్తుంది.

దీన్ని పసిగట్టడానికి పరిశోధకులకు ఒక మంచి ఉపాయం ఉంది. జీవితంలో ఎప్పుడూ పొగతాగని వాళ్లను మాత్రమే తీసుకుని చూడాలి. వాళ్లలో సిగరెట్ల సంఖ్యను తప్పుగా కొలిచే ప్రసక్తే లేదు. అక్కడ కూడా కాఫీ సంబంధం కనిపిస్తే ఆలోచించాలి. అక్కడ కనిపించకపోతే నింద సిగరెట్ మీదికి పోతుంది.

ఇది కేవలం కాగితం మీది భయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1991లో కాఫీని మూత్రాశయ క్యాన్సర్ విషయంలో "క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది" అనే వర్గంలో పెట్టింది. మూత్రాశయ క్యాన్సర్‌కు సిగరెట్ ఒక ప్రధాన కారణం. కాఫీ, సిగరెట్ కలిసి నడిచే అలవాట్లు. 2016లో అదే సంస్థ, అప్పటికి పోగైన మరెన్నో అధ్యయనాలను చూసి, కాఫీని ఆ వర్గం నుంచి తీసేసింది. నిలకడైన సంబంధం లేదని, కొన్ని పాత అధ్యయనాల్లో కనిపించినదానికి పొగతాగడాన్ని సరిగా లెక్కలోకి తీసుకోకపోవడం కారణమై ఉండవచ్చని తేల్చింది. ఇందుకు 25 ఏళ్లు పట్టింది.

పోలికకు తెచ్చుకున్నవాళ్లే తేడా అయితే

కన్‌ఫౌండింగ్‌ను జాగ్రత్తగా పట్టించుకున్నా అధ్యయనం ఇంకో చోట దెబ్బతినవచ్చు. దీనికీ కాఫీ చరిత్రలోనే ఉదాహరణ ఉంది.

1981లో హార్వర్డ్‌కు చెందిన బ్రయన్ మెక్‌మేన్ బృందం క్లోమ క్యాన్సర్ వచ్చిన 369 మందిని, ఆ క్యాన్సర్ లేని 644 మంది ఇతర రోగులను ఆస్పత్రుల్లో కలిసి వాళ్ల అలవాట్లు అడిగింది. జబ్బు వచ్చినవాళ్లతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లి అలవాట్లు అడిగే ఈ పద్ధతిని కేస్-కంట్రోల్ అధ్యయనం అంటారు. రోజుకు మూడు కప్పులో అంతకంటే ఎక్కువో కాఫీ తాగేవాళ్లకు ముప్పు సుమారు 2.7 రెట్లు ఉందని లెక్క తేలింది. సిగరెట్‌ను లెక్కలోకి తీసుకున్న తర్వాత వచ్చిన అంకె ఇది. సహజంగానే పెద్ద సంచలనమైంది.

విమర్శకుల వేలు కాఫీ గుంపు మీదికి కాదు, పోలిక కోసం తెచ్చుకున్న 644 మంది మీదికి వెళ్లింది. క్లోమ క్యాన్సర్ రోగులకు వైద్యం చేస్తున్న డాక్టర్ల దగ్గరే ఉన్న ఇతర రోగులను ఈ గుంపులోకి తీసుకున్నారు. ఆ డాక్టర్లలో చాలామంది జీర్ణకోశ నిపుణులు. వాళ్ల దగ్గరికి వచ్చే మిగతా రోగులు ఎవరు? కడుపులో పుండ్లు, మంట, అజీర్ణం ఉన్నవాళ్లు. వాళ్లలో ఎంతోమంది డాక్టర్ చెప్పడం వల్లో, తాగితే పడక తామంతట తామో అప్పటికే కాఫీ తగ్గించేసి ఉంటారు.

అంటే క్యాన్సర్ రోగులు మామూలుగానే కాఫీ తాగి ఉండవచ్చు, పోల్చిన గుంపే మామూలు కంటే తక్కువ తాగి ఉండవచ్చు. క్యాన్సర్ రోగులు ఎక్కువ తాగినా, పోల్చిన గుంపు తక్కువ తాగినా నిష్పత్తి మాత్రం ఒకేలా పైకి లేస్తుంది. అదే బృందం తర్వాత మళ్లీ సమాచారం సేకరించి 1986లో ప్రచురించినప్పుడు ముందటి బలమైన సంబంధం కనిపించలేదు. సొంత ఫలితాన్ని మళ్లీ పరీక్షకు పెట్టి, రాలేదని ప్రచురించడం చిన్న విషయమేమీ కాదు.

ఈ కథలోనే ఇంకో చిక్కు దాగి ఉంది. అలవాటు వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల అలవాటు మారిందా అన్న ప్రశ్న అది. కడుపునొప్పి మొదలయ్యాక కాఫీ మానేసిన మనిషి కాగితం మీద "కాఫీ తాగడు, జబ్బు ఉంది" అనే గడిలోకి పోతాడు. అలాంటివాళ్లు పెరిగితే కాఫీ తాగకపోవడమే ప్రమాదమన్నట్టు కనిపిస్తుంది. 2012 అధ్యయనం చేసినవాళ్లు మొదట్లోనే క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం ఉన్నవాళ్లను పక్కన పెట్టింది ఇందుకే. పేరు పెట్టని, ఇంకా డాక్టర్ దాకా వెళ్లని అనారోగ్యాన్ని మాత్రం ఏ జాబితాతోనూ పక్కన పెట్టలేం.

చీటీ తీస్తే ఏం మారుతుంది?

అధ్యయనంలో ఉన్న ప్రతి మనిషికీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే మరొకటి ఇచ్చామనుకుందాం. నాణేనికి ఆ మనిషి సిగరెట్ తాగుతాడో లేదో తెలియదు. అతని జన్యువులు, ఆదాయం, నిద్ర, టెన్షన్, ఏవీ తెలియవు. అందుకే మనుషులు ఎక్కువగా ఉంటే ఇవన్నీ రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగా సర్దుకుంటాయి. కొలిచినవే కాదు, కొలవనివి, అసలు ఉన్నాయని ఎవరికీ తట్టనివి కూడా. గణాంక సర్దుబాటు ఎంత చేసినా రానిది ఇదే. తర్వాత రెండు గుంపుల మధ్య జబ్బులో తేడా వస్తే, దానికి కారణం మనం ఇచ్చిందే అనడానికి బలమైన ఆధారం ఉంటుంది.

ఈ రెండు పద్ధతులూ ఒకదాన్నొకటి ఢీకొన్న సందర్భం బీటా కెరోటిన్‌ది. క్యారెట్లకు రంగునిచ్చే పదార్థం ఇది. పళ్లు, కూరగాయలు ఎక్కువ తినేవాళ్లలో, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని పరిశీలనాత్మక అధ్యయనాలు పదేపదే చూపించాయి. దాంతో ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందిని తీసుకుని, బీటా కెరోటిన్ మాత్ర ఎవరికి, ఉత్తుత్తి మాత్ర ఎవరికి అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించి, 5 నుంచి 8 ఏళ్ల పాటు ఇచ్చారు. ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. అమెరికాలో పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్బెస్టాస్ మధ్య పనిచేసినవాళ్ల మీద బీటా కెరోటిన్‌నూ విటమిన్ ఏనూ కలిపి ఇచ్చి చూసిన మరో ప్రయోగంలోనూ ఇలాంటి హానే కనిపించడంతో, దాన్ని 1996 జనవరిలో అనుకున్నదానికంటే 21 నెలల ముందే ఆపేశారు.

ఈ ఫిన్లాండ్ ప్రయోగంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఒక పక్క లెక్క. మాత్రలు మొదలుపెట్టక ముందే అందరి రక్తం తీసి బీటా కెరోటిన్ కొలిచారు. ఆహారం ద్వారా సహజంగానే అది ఎక్కువగా ఉన్నవాళ్లకు తర్వాతి కాలంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగానే వచ్చింది. అంటే ఒకే దేశంలో, ఒకే తరహా మనుషుల్లో, పరిశీలన "రక్షిస్తోంది" అంది, ప్రయోగం "హాని చేస్తోంది" అంది. రక్తంలోని ఆ పదార్థం చాలావరకు ఒక గుర్తు మాత్రమే అయి ఉండాలి. కూరగాయలు బాగా తినే, సిగరెట్లు కాస్త తక్కువ తాగే, ఆరోగ్యం పట్ల జాగ్రత్తగా ఉండే మనిషికి గుర్తు.

ఇక్కడ ఎదుటివాళ్ల వాదన కూడా వినాలి. ప్రయోగంలో ఇచ్చింది క్యారెట్ కాదు, మాత్ర. అందులోని మోతాదు ఆహారంలో మామూలుగా దొరికేదానికంటే చాలా ఎక్కువ. ఇచ్చింది ఎన్నో ఏళ్లుగా పొగతాగుతున్నవాళ్లకు. కాబట్టి ఈ ప్రయోగం "కూరగాయలు మంచివి కావు" అని చెప్పలేదు. చెప్పింది ఇంతే: కూరగాయలు తినేవాళ్లలో కనిపించిన మేలును బీటా కెరోటిన్ ఖాతాలో వేయడం తప్పు.

మరి అన్ని ఆహారాలకూ చీటీలు తీసి తేల్చేయవచ్చు కదా? క్యాన్సర్ రావడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టవచ్చు. అన్నేళ్లు వేలమంది చీటీలో వచ్చిన భోజనమే తినరు, ఇష్టమైనదానికి జారిపోతారు. మాత్రకు ఉత్తుత్తి మాత్ర ఉన్నట్టు మాంసానికి ఉత్తుత్తి మాంసం లేదు, తినేవాడికి తెలిసిపోతుంది. హాని అని అనుమానం ఉన్నదాన్ని కావాలని తినిపించడం నైతికంగా కుదరదు. అందుకే ఆహారం విషయంలో ప్రయోగాలు తక్కువ, పరిశీలనలు ఎక్కువ.

అయితే సిగరెట్‌ను ఎలా నమ్మాం?

ఈ ప్రశ్న న్యాయమైనది. ఎవరికీ చీటీ తీసి ముప్పై ఏళ్లు సిగరెట్లు తాగించలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగే కారణమని మనుషుల్లో తేల్చింది ప్రధానంగా పరిశీలనాత్మక అధ్యయనాలే. మరి వాటిని నమ్మి, కాఫీవి ఎందుకు అనుమానించాలి?

1950ల్లో ఇదే వాదన జరిగింది. ఆధునిక గణాంక శాస్త్రానికి పునాదులు వేసినవాళ్లలో ఒకరైన రోనాల్డ్ ఫిషర్, పొగతాగాలనే కోరికనూ క్యాన్సర్‌నూ రెండింటినీ కలిగించే జన్యువు ఏదైనా ఉండవచ్చు కదా అన్నారు. అంటే అది కన్‌ఫౌండింగ్ వాదనే. (ఆయన పైపు తాగేవారు. అంతమాత్రాన వాదన తప్పయిపోదు.)

దానికి 1959లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన జవాబు ఇప్పటికీ వాడుకునేంత పదునైనది. పొగతాగేవాళ్లలో ముప్పు 9 రెట్లు ఎక్కువ ఉందనుకుందాం. సిగరెట్ నిర్దోషి, అసలు దోషి ఒక జన్యువే అనాలంటే, ఆ జన్యువు పొగతాగేవాళ్లలో కనీసం 9 రెట్లు ఎక్కువగా కనిపించాలి. అంత పెద్ద దోషి ఎవరి కంటా పడకుండా ఎక్కడ దాక్కుంటాడు?

మన కాఫీ ఉదాహరణను ఈ కొలబద్దతో చూస్తే సంగతి స్పష్టమవుతుంది. అక్కడ సిగరెట్ అలవాటు కాఫీ గుంపులో 4 రెట్లు ఎక్కువ, సిగరెట్ వల్ల ముప్పు 3 రెట్లు ఎక్కువ. అంత బలమైన కన్‌ఫౌండర్ కూడా పుట్టించగలిగింది 1.5 మాత్రమే. 9 రెట్లు, 10 రెట్ల సంబంధాన్ని పుట్టించడం దాని వల్ల కాదు. అదే 1.2 అయితే చిన్న చిన్న కన్‌ఫౌండర్లు కూడా పుట్టించేస్తాయి. సిగరెట్‌కూ మామూలు ఆహార సంబంధాలకూ ఉన్న ప్రధానమైన తేడా ఇదే.

అయితే సంబంధం చిన్నదైనంత మాత్రాన అది అబద్ధం కానక్కర లేదు. ఈ విషయంలో నిపుణులే రెండుగా చీలిపోయారు. ప్రాసెస్ చేసిన మాంసాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో మనుషుల్లో క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. రోజుకు 50 గ్రాములకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందన్నది దాని అంచనా. 1.18 అన్నమాట. వాళ్ల వాదన ఆ ఒక్క అంకె మీద నిలబడలేదు. వేరువేరు దేశాల్లో, వేరువేరు అలవాట్ల మధ్య అదే దిశలో ఫలితం వచ్చింది. ఎక్కువ తింటే ఎక్కువ ముప్పు అన్న వరస కనిపించింది. మాంసం నిల్వకు వాడే నైట్రైట్ల నుంచి పేగులో హానికర పదార్థాలు ఎలా తయారవుతాయో ప్రయోగశాలల్లో తెలిసింది. కన్‌ఫౌండర్లు ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి, అన్ని చోట్లా ఒకే ఫలితం రావడానికి విలువుంది.

2019లో మరో అంతర్జాతీయ బృందం ఇదే తరహా ఆధారాలను చూసి, వాటి విశ్వసనీయత చాలా తక్కువని, మాంసం తగ్గించమని చెప్పడానికి అవి చాలవని రాసింది. మందుల ప్రయోగాలను తూచే తక్కెడలోనే ఆహార అధ్యయనాలనూ తూచిందది. దాని మీద గట్టి విమర్శలొచ్చాయి. జరపడానికే వీల్లేని ప్రయోగం జరగలేదని ఆధారాన్ని తక్కువ చేస్తే సిగరెట్ కూడా ఆ పరీక్షలో నెగ్గేది కాదన్నది విమర్శకుల మాట. నా మటుకు నాకు, రెండు పక్షాలూ చిన్న సంబంధం కనిపిస్తోందని ఒప్పుకుంటున్నాయన్నదే ఇక్కడ గమనించాల్సింది. గొడవ ఆ సంబంధం కనిపించిందా లేదా అన్నదాని గురించి కాదు. అందులో ఎంత మాంసానిది, ఎంత మాంసం ఎక్కువగా తినే మనిషి మిగతా జీవితానిది అన్నదాని గురించి.

మళ్లీ ఆ 4 లక్షల మంది దగ్గరికి

2012 అధ్యయనంలో సిగరెట్‌ను తీసేశాక కాఫీ మేలు చేస్తున్నట్టు కనిపించింది కదా. దాన్ని నమ్మవచ్చా? మొదటి ఫలితాన్ని అనుమానించిన పద్ధతిలోనే దీన్నీ చూడాలి.

కాఫీ ఎంత తాగుతారన్నది ఒక్కసారే, మొదట్లోనే అడిగారు. తర్వాత పన్నెండేళ్లలో ఎవరు పెంచారో, ఎవరు మానేశారో తెలియదు. మరణాల తేడా 10, 15 శాతమే. ఇది కార్న్‌ఫీల్డ్ కొలబద్దలో చాలా చిన్నది. నిద్ర సరిగా పట్టకో, గుండె దడగా ఉండో కాఫీకి దూరమైనవాళ్లు "తాగని" గుంపులో చేరి ఉంటే, ఆ గుంపు మొదటినుంచే కాస్త బలహీనమైనది. ఈసారి కన్‌ఫౌండింగ్ కాఫీని దోషిగా కాకుండా దేవుడిగా చూపిస్తూ ఉండవచ్చు. మరోవైపు, ఇలాంటి ఫలితమే తర్వాత వేరే దేశాల్లోని పెద్ద అధ్యయనాల్లోనూ వచ్చింది కాబట్టి కొట్టిపారేయడానికీ లేదు.

ఆ పరిశోధకులు కూడా తమ వ్యాసం చివర ఇంతకు మించి చెప్పలేదు. కాఫీకీ మరణాలకూ విలోమ సంబంధం ఉందని, అది కాఫీ వల్ల వచ్చిన ఫలితమో ఉత్త సంబంధమో తమ దగ్గరున్న సమాచారంతో తేల్చలేమని రాశారు.